ప్రయాణ ఖర్చుల బిల్లు వెనక్కి రాకుండా పెట్టడం ఎలా?

ఆఫీసు పని మీద ఊరెళ్లి వచ్చారు. జేబులోంచి పెట్టిన డబ్బు తిరిగి రావాలి. బ్యాగులో నాలుగైదు రసీదులు నలిగి ఉన్నాయి, ఫోన్‌లో ఇంకో మూడు ఉన్నాయి, ఒకటి ఎక్కడుందో తెలీదు. మొత్తం ఎంతైందో ఉజ్జాయింపుగా గుర్తుంది. చాలామంది ఇక్కడే ఓ తప్పు చేస్తారు. ఆ ఉజ్జాయింపు మొత్తాన్నే ఈమెయిల్‌లో రాసి, రసీదుల ఫొటోలు ఉన్నవి ఉన్నట్టు జతచేసి పంపేస్తారు. పది రోజుల తర్వాత "వివరాలు స్పష్టంగా లేవు" అని ఒక్క ముక్క జవాబు వస్తుంది.

నేను కొన్నేళ్లు ఈ బిల్లులు పరిశీలించే సీట్లో కూర్చున్నాను. పెద్ద మొత్తం చూసి ఆపిన బిల్లులు చాలా తక్కువ. ఆపినవన్నీ దాదాపు ఏదో ఒక చిన్న వరుస దగ్గర ఆగినవే. నూట యాభై టాక్సీ ఖర్చుకు కాగితం ఉండదు, లేదా హోటల్ బిల్లులో ఒక అంకె, పట్టికలో ఇంకో అంకె ఉంటుంది. పరిశీలించే మనిషి మీతో ప్రయాణం చేయలేదు. పట్టికలో ఒక వరుస చదివి, దాని కాగితం చూసి, టిక్ పెట్టి కిందికి దిగుతాడు. ఎక్కడ అనుమానం వస్తే అక్కడ బిల్లు మొత్తం ఆగిపోతుంది. ఆ ఒక్క వరుస మాత్రమే ఆగదు. కాబట్టి మీ పని ఏ వరుస దగ్గరా ఆయన మిమ్మల్ని ప్రశ్న అడగక్కర్లేకుండా చూడటమే.

కింద ఒక ప్రయాణాన్ని మొదటినుంచి చివరిదాకా బిల్లుగా మారుద్దాం. అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే, మీ కరెన్సీలో అనుకోండి.

ప్రయాణం ఇదీ

మార్చి 13, 14 తేదీల్లో వేరే ఊళ్లో శిక్షణ. మీరు 12న రైల్లో వెళ్లారు, రెండు రాత్రులు హోటల్లో ఉన్నారు. 14 మధ్యాహ్నం తిరుగు రైలు. కానీ శిక్షణ సాయంత్రందాకా సాగడంతో ఆ టికెట్ రద్దు చేసుకుని, రాత్రి రైలుకు కొత్త టికెట్ కొన్నారు. 15 ఉదయం ఇల్లు చేరారు. వెళ్లేముందు ఆఫీసు నుంచి 8,000 అడ్వాన్స్ తీసుకున్నారు.

మొదట నియమాలు, తర్వాతే లెక్క

పట్టిక మొదలుపెట్టే ముందు మీ సంస్థ ప్రయాణ నియమాల్లో నాలుగు విషయాలు చూసుకోండి. ఏ తరగతి టికెట్‌కు, రోజుకు ఎంత అద్దె గదికి అర్హత ఉంది? భోజనానికి అసలు ఖర్చు ఇస్తారా, రోజుకింత అని స్థిరమైన భత్యం ఇస్తారా? రసీదు లేకుండా ఎంతవరకు ఒప్పుకుంటారు? ప్రయాణం ముగిసిన ఎన్ని రోజుల్లోపు బిల్లు పెట్టాలి?

వీటిలో రెండోదాని దగ్గరే ఎక్కువ గందరగోళం. స్థిర భత్యం ఇచ్చే చోట హోటల్ భోజనం బిల్లులు జతచేయనక్కర్లేదు. చేస్తే నష్టమే. భత్యమూ, బిల్లూ రెండూ అడుగుతున్నారేమో అనిపిస్తుంది. సొంత కారుకు కిలోమీటరుకు ఇంత అని ఇచ్చే చోట పెట్రోల్ బిల్లు కూడా అలాంటిదే. ఆ కిలోమీటరు రేటులోనే ఇంధనం కలిసి ఉంటుంది.

మన ఉదాహరణలో నియమం ఇలా ఉందనుకుందాం: పూర్తి రోజుకు భోజన భత్యం 600, సగం రోజుకు 300. నిర్వాహకులు ఒక పూట భోజనం పెడితే 200 తగ్గించుకోవాలి. ఇంటినుంచి స్టేషన్‌కు, స్టేషన్‌నుంచి ఇంటికి అయ్యే ఖర్చు ఇవ్వరు.

రసీదులు: అదే రోజు ఫొటో

టాక్సీల్లో, హోటళ్లలో చేతికిచ్చే పల్చటి నున్నటి రసీదుల మీద సిరా ఉండదు. వేడికి నల్లబడే పూత మీద యంత్రం అచ్చు వేస్తుంది. అందుకే ఆ రసీదు ఎండలో, కారు డాష్‌బోర్డు మీద, పర్సులో కొన్ని వారాలుంటే అక్షరాలు వెలిసిపోతాయి. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితం మొత్తం నల్లబడుతుంది. అంకెల మీదుగా సెల్లోటేపు అంటించినా చెరిగిపోయే ప్రమాదం ఉంది. రసీదు చేతికొచ్చిన రోజే నాలుగు మూలలూ కనబడేలా ఫొటో తీయండి. అసలు కాగితం కూడా పారేయకండి, కొన్ని సంస్థలు దాన్నే అడుగుతాయి.

ఇంకొకటి. కార్డు గీకినప్పుడు వచ్చే చిన్న స్లిప్పు రసీదు కాదు. డబ్బు కట్టారని అది చెబుతుంది కానీ దేనికి కట్టారో చెప్పదు. దానికి తిరగేసి, ఆన్‌లైన్‌లో వచ్చే "బుకింగ్ ఖరారైంది" సందేశం దేనికో చెబుతుంది కానీ డబ్బు కట్టారో లేదో ఒక్కోసారి చెప్పదు. మీకు కావలసింది ఎవరు, ఎప్పుడు, దేనికి, ఎంత తీసుకున్నారో నాలుగూ ఒకే కాగితం మీద ఉన్న బిల్లు. హోటల్ వాళ్లను బయల్దేరేముందే అడిగి, మీ పేరుతో తీసుకోండి. ఇల్లు చేరాక ఫోన్ చేసి అడిగితే అది ఎప్పటికి వస్తుందో చెప్పలేం.

పట్టిక

పట్టికలో "ఖర్చయింది", "క్లెయిమ్ చేస్తున్నది" అని రెండు వేరు వేరు గళ్లు పెట్టండి. నేను చెప్పదలచుకున్నవాటిలో ముఖ్యమైనది ఇదే. ఒకే గడి ఉంటే, బిల్లు మీద 7,056 ఉండి పట్టికలో 6,720 ఉన్నప్పుడు చూసేవాళ్లకు అది పొరపాటులా కనిపిస్తుంది. రెండు గళ్లుంటే మీరు తెలిసే తగ్గించారని వెంటనే అర్థమవుతుంది.

| వరుస | కాగితం మీది తేదీ | వివరం | ఖర్చయింది | క్లెయిమ్ | రసీదు |
|---|---|---|---|---|---|
| 1 | మార్చి 2 | వెళ్లే రైలు టికెట్, ప్రయాణం 12న | 1,240 | 1,240 | 1 |
| 2 | మార్చి 12 | టాక్సీ, స్టేషన్ నుంచి హోటల్‌కు | 380 | 380 | 2 |
| 3 | మార్చి 13 | టాక్సీ, హోటల్ నుంచి శిక్షణ కేంద్రానికి, ఇద్దరం కలిసి | 260 | 260 | 3 |
| 4 | మార్చి 13 | టాక్సీ, శిక్షణ కేంద్రం నుంచి హోటల్‌కు | 150 | 150 | ధ్రువీకరణ |
| 5 | మార్చి 14 | హోటల్, 12, 13 రాత్రులు, లాండ్రీ మినహాయించి | 7,056 | 6,720 | 5 |
| 6 | మార్చి 2 | రద్దయిన తిరుగు టికెట్, వాపసు 900 పోగా | 1,240 | 340 | 6 |
| 7 | మార్చి 14 | తిరుగు రైలు టికెట్, రాత్రి రైలు | 1,410 | 1,410 | 7 |
| 8 | మార్చి 14 | టాక్సీ, శిక్షణ కేంద్రం నుంచి స్టేషన్‌కు | 410 | 410 | 8 |
| 9 | మార్చి 12–14 | భోజన భత్యం: 300 + 400 + 400 | – | 1,100 | అక్కర్లేదు |
| | | మొత్తం | | 12,010 | |
| | | తీసుకున్న అడ్వాన్స్ | | 8,000 | |
| | | నాకు రావలసినది | | 4,010 | |

వరుసలు ప్రయాణం జరిగిన క్రమంలో ఉన్నాయి. తేదీ గడిలో మాత్రం రసీదు మీదున్న తేదీనే వేశాం. టికెట్ మార్చి 2న కొని 12న ప్రయాణం చేస్తే తేదీ గడిలో 12 వేయకండి. చూసేవాళ్లు రసీదు మీద 2 చూసి ఆగిపోతారు. ప్రయాణం తేదీని వివరంలో రాస్తే సరిపోతుంది.

"లోకల్ ప్రయాణాలు: 1,200" అని ఒక్క వరుసలో మూటకట్టేయాలని మీకు అనిపిస్తుంది. దయచేసి వద్దు. టాక్సీలు నాలుగుంటే నాలుగు వరుసలు వేయండి. ప్రతిదానికీ ఎక్కడినుంచి ఎక్కడికో రాయండి. అలా రాసినప్పుడే ఏదైనా ప్రయాణం తప్పిపోతే మీకూ కనబడుతుంది. ఇక్కడ చూడండి, 14 ఉదయం హోటల్ నుంచి శిక్షణ కేంద్రానికి వరుస లేదు. నిర్వాహకులు బండి పంపారు, ఖర్చు లేదు. ఆ సంగతి పట్టిక కింద ఒక్క వాక్యంలో రాసేయండి. లేకపోతే మీరు మర్చిపోయారేమోనని వాళ్లు అనుకోవచ్చు, లేదా 13న ఉదయం టాక్సీ ఎందుకు ఎక్కారని అడగొచ్చు.

చిక్కు వరుసలు ఒక్కొక్కటీ

*హోటల్ బిల్లు.* గది అద్దె రాత్రికి 3,000 చొప్పున 6,000. లాండ్రీ 300. రెండూ కలిపి 6,300 మీద 12 శాతం పన్ను 756, మొత్తం 7,056. లాండ్రీ మీ సొంత ఖర్చు. చాలామంది 7,056 లోంచి 300 తీసేసి 6,756 రాస్తారు. ఆ లాండ్రీ మీద పడిన పన్ను 36 అందులోనే ఉండిపోతుంది. తీయాల్సింది 336, అడగాల్సింది 6,720. తేడా ముప్పై ఆరే, కానీ దాన్ని పరిశీలించే మనిషి గమనించి సరిచేస్తే మీ పట్టిక మొత్తం, కవరింగ్ లెటర్‌లోని మొత్తం, రావలసిన మొత్తం మూడూ మారిపోతాయి. బిల్లు మీద లాండ్రీ వరుసను పెన్నుతో చుట్టి పక్కన "సొంతం" అని రాయండి. కొట్టేయకండి. బిల్లు మీద కొట్టివేతలుంటే అదో అనుమానం.

*ఇద్దరు ఎక్కిన టాక్సీ.* 13 ఉదయం మీరూ ఒక సహోద్యోగీ కలిసి వెళ్లారు, డబ్బు మీరు కట్టారు. ఈ 260 ఒకరి బిల్లులోనే రావాలి. చెరి సగం వేసుకుంటే ఒకే రసీదు రెండు బిల్లుల్లో కనిపిస్తుంది, అకౌంట్స్‌లో ఎవరో ఒకరు రెండోసారి క్లెయిమ్ అనుకుంటారు. డబ్బు కట్టినవాళ్లే మొత్తం అడగాలి. సహోద్యోగి ఎవరో పట్టిక కింద రాయండి, తన బిల్లులో ఇది వేయవద్దని ఆయనకు ముందే చెప్పండి. ఈ రెండోదే మనం మర్చిపోతాం.

*పోయిన రసీదు.* ముందు నకలు దొరుకుతుందేమో చూడండి. యాప్‌లో పిలిచిన టాక్సీ అయితే ప్రయాణాల చరిత్రలో రసీదు మళ్లీ దొరుకుతుంది. హోటల్ అయితే నకలు పంపమని అడగొచ్చు. రోడ్డు మీద ఆపి ఎక్కిన టాక్సీకి ఏదీ దొరకదు. అప్పుడు సంస్థ నియమం ఒప్పుకునే మొత్తం లోపలైతే స్వీయ ధ్రువీకరణ ఇవ్వండి. అది మూడు వాక్యాలు చాలు: "మార్చి 13 సాయంత్రం శిక్షణ కేంద్రం నుంచి హోటల్‌కు టాక్సీలో వెళ్లి 150 చెల్లించాను. డ్రైవర్ రసీదు ఇవ్వలేదు. ఈ మొత్తాన్ని వేరే బిల్లులో అడగలేదు, అడగను." కింద సంతకం, తేదీ. 150ని 148 చేసి నిజంగా మీటరు చూసినట్టు కనబడేలా రాసేవాళ్లున్నారు. వద్దు. ఎంత ఇచ్చారో అంతే రాయండి. ఒకే బిల్లులో ఇలాంటివి మూడు నాలుగుంటే మాత్రం, ఎంత నిజమైనా ఒప్పించడం కష్టం. అలాంటప్పుడు ఒకటి రెండు వదులుకోవడమే మేలని నా అభిప్రాయం.

*రద్దయిన టికెట్.* 1,240 కట్టారు, 900 వాపసు వచ్చింది. అడగాల్సింది 340. వాపసు ఇంకా ఖాతాలో పడకపోయినా, ఎంత వస్తుందో రద్దు కాగితం మీద ఉంటుంది. దాన్నే రసీదు 6గా పెట్టండి. ఎందుకు రద్దు చేయాల్సి వచ్చిందో ఆధారం కూడా కావాలి. శిక్షణ పొడిగించినట్టు నిర్వాహకులు పంపిన సందేశం ఉంటే అది జతచేయండి. లేకపోతే సొంత పని మీద ప్రయాణం మార్చుకున్నారేమోనన్న ప్రశ్న తప్పదు.

*భోజన భత్యం.* 12న బయల్దేరిన రోజు సగం, అంటే 300. 13, 14 పూర్తి రోజులు, కానీ రెండు మధ్యాహ్నాలూ అక్కడే భోజనం పెట్టారు కాబట్టి 400 చొప్పున. శిక్షణ కార్యక్రమ పత్రంలో "మధ్యాహ్న భోజనం" అని అచ్చయి ఉంటుంది, పరిశీలించేవాళ్లు ముందు చూసేది అదే. మీరే తగ్గించుకుంటే వాళ్లకు పని తప్పుతుంది, మీ మిగతా అంకెల మీద నమ్మకం కూడా పెరుగుతుంది.

విదేశీ కరెన్సీలో కట్టినవి ఉంటే, కార్డు స్టేట్‌మెంట్‌లో మీ కరెన్సీలో ఎంత కోశారో ఆ అంకె వేసి, ఆ పేజీ జతచేయండి. ఇంటర్నెట్‌లో చూసిన మారకం రేటుతో మీరు సొంతంగా లెక్కేస్తే స్టేట్‌మెంట్‌తో సరిపోలదు.

మొత్తం సరిచూసుకోవడం

క్లెయిమ్ గడిని ఒకసారి పైనుంచి కిందికి, ఇంకోసారి కిందినుంచి పైకి కూడండి. రెండూ కలవకపోతే తేడాను 9తో భాగించి చూడండి. నిశ్శేషంగా పోతే ఎక్కడో పక్కపక్క అంకెలు రెండు తారుమారై ఉండే అవకాశం ఎక్కువ. 410 బదులు 140 వేస్తే తేడా 270, 380 బదులు 308 వేస్తే తేడా 72. రెండూ 9తో పోతాయి. అకౌంట్స్ వాళ్ల పాత చిట్కా ఇది, ఇప్పటికీ పనిచేస్తుంది. స్ప్రెడ్‌షీట్‌లో చేస్తుంటే మొత్తాన్ని చేత్తో టైపు చేయకండి, కూడిక సూత్రం పెట్టండి:

```
=SUM(E2:E10)
```

వరుసలు కొత్తగా చేర్చాక ఆ సూత్రం చివరి వరుసదాకా అందుతోందో లేదో ఒకసారి చూసుకోండి. చివర్లో గుర్తొచ్చి చేర్చిన టాక్సీయే మొత్తంలోంచి జారిపోతుంటుంది.

కాగితాలను వరుసలో పెట్టడం

ప్రతి రసీదు కుడి పైమూలన పట్టికలోని వరుస సంఖ్య రాయండి. నాలుగో వరుసకు రసీదు లేదు కాబట్టి స్వీయ ధ్రువీకరణ మీద 4 వేయండి. తర్వాత పట్టిక ముందు, దాని వెనక ప్రయాణ అనుమతి పత్రం, ఆ వెనక 1 నుంచి 8 వరకు కాగితాలు అదే క్రమంలో. ఈమెయిల్‌లో పంపుతుంటే అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ చేయండి. పదకొండు ఫొటోలు విడివిడిగా పంపితే అవి ఏ క్రమంలో తెరుచుకుంటాయో ఎవరికీ తెలీదు. పంపేముందు ఆ ఫైలు మీ ఫోన్‌లో తెరిచి, ప్రతి రసీదు మీద తేదీ, మొత్తం పెద్దది చేయకుండానే చదవగలుగుతున్నారా చూడండి.

కవరింగ్ లెటర్

ఇది పొట్టిగా ఉండాలి. శిక్షణ ఎంత బాగా జరిగిందో, రైలు ఎంత ఆలస్యమైందో ఇందులో రాయనక్కర్లేదు. చదివే మనిషికి కావలసినవి నాలుగే: ఏ ప్రయాణం, మొత్తం ఎంత, ఇప్పుడు ఇవ్వాల్సింది ఎంత, ఎక్కడ కొంచెం ఆగి చూడాలి. ఈ నాలుగోదాన్ని దాచిపెట్టాలని చూస్తాం, రసీదు లేదని మనమే చెప్పుకోవడం ఎందుకని. కానీ అది వాళ్లు ఎలాగూ చూస్తారు. ముందే చెప్పినప్పుడు అది వివరణ అవుతుంది, వాళ్లు పట్టుకున్నాక చెబితే సంజాయిషీ అవుతుంది.

మన ఉదాహరణకు లెటర్ ఇలా:

> విషయం: మార్చి 12–15 శిక్షణ ప్రయాణ ఖర్చులు, రావలసినది 4,010
>
> అకౌంట్స్ అధికారి గారికి నమస్కారం.
>
> మార్చి 13, 14 తేదీల్లో జరిగిన శిక్షణకు వెళ్లి వచ్చిన ఖర్చుల వివరాలు జతచేశాను. మొత్తం క్లెయిమ్ 12,010. అడ్వాన్స్ 8,000 పోగా నాకు రావలసినది 4,010.
>
> దయచేసి గమనించగలరు: 4వ వరుసకు రసీదు లేదు, స్వీయ ధ్రువీకరణ ఉంది. 5వ వరుసలో నా సొంత లాండ్రీ ఖర్చు పన్నుతో సహా తీసేశాను. శిక్షణ సమయం పొడిగించడంతో తిరుగు టికెట్ మార్చాల్సి వచ్చింది (6, 7 వరుసలు), నిర్వాహకుల సందేశం జతచేశాను.
>
> పట్టిక, అనుమతి పత్రం, రసీదులు అన్నీ వరుసగా ఒకే పీడీఎఫ్‌లో ఉన్నాయి. డబ్బు మీ రికార్డులో ఉన్న నా ఖాతాకు పంపగలరు.
>
> ఇట్లు,
> (పేరు, ఉద్యోగి సంఖ్య, తేదీ)

విషయం వరుసలోనే తేదీలు, మొత్తం ఉన్నాయి చూశారా. రెండు వారాల తర్వాత వాళ్లు ఇన్‌బాక్స్‌లో వెతికినా ఇది దొరుకుతుంది. "రీయింబర్స్‌మెంట్ గురించి" అని రాస్తే అలాంటివి అక్కడ యాభై ఉంటాయి. ఖాతా సంఖ్య వాళ్ల దగ్గర ఇప్పటికే ఉంటే మళ్లీ ఈమెయిల్‌లో రాయకండి. ఒక అంకె తప్పు పడితే అదో కొత్త తలనొప్పి.

పై అధికారి సంతకం ముందు కావాలని మీ సంస్థలో నియమముంటే, లెటర్ ఆయన ద్వారానే పంపండి. నేరుగా అకౌంట్స్‌కు పంపి ఆయనకు కాపీ పెడితే చాలామంది ఒప్పుకోరు. అది మళ్లీ వెనక్కొచ్చి, ఆయన టేబుల్ మీదుగా తిరిగి వెళ్లేసరికి వారం పోతుంది.

పంపాక

అందిందని జవాబు రాకపోతే మూడు నాలుగు రోజులాగి, కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా పాత మెయిల్‌కే జవాబుగా "ఇది అందిందా, ఇంకేమైనా కాగితాలు కావాలా?" అని ఒక్క వాక్యం రాయండి. ఏదైనా సరిచేయమని అడిగితే ఆ కాగితం ఒక్కటే పంపకుండా, సరిచేసిన పట్టికతో మొత్తం పీడీఎఫ్ మళ్లీ పంపి, ఫైలు పేరులో "సవరించినది" అని, తేదీ చేర్చండి. లేకపోతే వాళ్ల దగ్గర పాత పట్టిక, కొత్త పట్టిక రెండూ తిరుగుతుంటాయి.

డబ్బు ఖాతాలో పడ్డాక మొత్తం సరిపోలిందా చూడండి. 4,010 బదులు 3,860 వచ్చిందంటే 150 తగ్గింది. పట్టిక చూస్తే 4వ వరుస తీసేశారని మీకే తెలుస్తుంది. అప్పుడు "డబ్బు తక్కువ వచ్చింది" అని కాకుండా "4వ వరుస 150 రానట్టుంది, ధ్రువీకరణ సరిపోలేదా?" అని అడగండి.